సమాధి రాయి మీద ఇద్దరు పిప్‌లు: ముగింపు ప్రశ్నకు 15 మార్కుల జవాబు

ప్రశ్న: డిగ్రీ ఫైనల్ ఇయర్, ఇంగ్లీష్ లిటరేచర్, హైదరాబాద్. "గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ ముగింపు చదివాక మొదటి అధ్యాయాలు ఎలా మారి కనిపిస్తాయి?" అని 15 మార్కుల ప్రశ్న వచ్చింది. నాలుగు పేజీలు నింపాను. ఆ నవలకు డికెన్స్ రెండు ముగింపులు రాశాడని, కథానాయకుడు పిప్ ప్రేమించిన ఎస్టెల్లా గురించి, అన్నీ రాశాను. సగం మార్కులే పడ్డాయి. మోడల్ ఆన్సర్ ఎలా ఉండాలి? నా దగ్గరున్నది ఆబిడ్స్‌లో ఆదివారం కొన్న పాత కాపీ.

జవాబు:

ఈ ప్రశ్నకు రాసే జవాబులో సగానికి పైగా మొదటి అయిదు అధ్యాయాల మీదే ఉండాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ నాలుగు పేజీలూ ముగింపు మీదే పోయినట్టున్నాయి. పేపర్లు దిద్దేటప్పుడు ఈ ప్రశ్న కింద ఎక్కువగా కనిపించేది అదే: మూడు పేజీల కథ, చివర్లో "ఈ విధంగా ముగింపు ఆరంభాన్ని గుర్తు చేస్తుంది" అని ఒక వాక్యం. ఎలా గుర్తు చేస్తుందో ఆ వాక్యంలో ఉండదు. దిద్దేవాళ్లు వెతికేది దాన్నే.

రెండో పొరపాటు ఇంకా మామూలు. తనకు డబ్బు పంపుతున్నది ఎస్టెల్లాను పెంచిన ధనికురాలు మిస్ హావిషామ్ కాదు, మొదటి అధ్యాయంలో కనిపించిన ఖైదీ మాగ్విచ్ అని పిప్‌కు తెలిసేది 39వ అధ్యాయంలో. చాలామంది దాన్నే "ముగింపు" అనుకుని జవాబంతా దాని చుట్టూ కడతారు. నవల 59 అధ్యాయాలు. 39 దగ్గర రెండో సంపుటం ముగుస్తుంది, అంతే. ఆ రహస్యాన్ని వాడుకోవచ్చు, కానీ దారిలో మజిలీగా.

మరి ముగింపులో దేన్ని పట్టుకోవాలి? ఎస్టెల్లాను కాదు. 59వ అధ్యాయం మొదట్లో ఒక చిన్న పేరా ఉంది, గబగబా చదివేవాళ్లకు తగలదు. పదకొండేళ్ల తర్వాత పిప్, తనను పెంచిన బావ జో ఇంటికి వస్తాడు. పొయ్యి దగ్గర, ఒకప్పుడు తాను కూర్చున్న చోట, జో, బిడ్డీల కొడుకు కూర్చుని ఉంటాడు. వాడి పేరూ పిప్పే. మర్నాడు పొద్దున వాడిని చర్చి పక్క సమాధుల దగ్గరికి తీసుకెళ్లి "ఎ సర్టెన్ టూంబ్‌స్టోన్" మీద కూర్చోబెడతాడు. వాడు ఆ ఎత్తు నుంచి పిప్ అమ్మానాన్నల రాయి ఏదో చూపిస్తాడు.

"సర్టెన్" అన్న మాట దగ్గర ఆగండి. ఏ రాయో కథకుడు చెప్పడు. మొదటి అధ్యాయం గుర్తున్నవాడికే అది ఏ రాయో తెలుస్తుంది. అంటే పాఠకుణ్ణి వెనక్కి పంపే పని ఆ ఒక్క మాటే చేస్తోంది. మీ జవాబుకు ఇరుసు ఇదే.

కింద జవాబును తెలుగులో రాస్తున్నాను, ఆలోచన వరస పట్టుబడడానికి. పరీక్షలో మీ ఇంగ్లీషులో రాయండి. ఇది సుమారు రెండున్నర పేజీలు వస్తుంది. మూడు గంటల్లో అయిదు ప్రశ్నలైతే ఒక్కోదానికి 35 నిమిషాలు, ఇది ఆ లోపల పడుతుంది.

"మొదటి అధ్యాయంలో పారిపోయి వచ్చిన ఒక ఖైదీ చిన్నారి పిప్‌ను ఎత్తి సమాధి రాయి మీద కూర్చోబెడతాడు. చివరి అధ్యాయంలో పెద్దవాడైన పిప్ ఇంకో చిన్నారి పిప్‌ను అక్కడే రాయి మీద కూర్చోబెడతాడు. ఈ రెండో దృశ్యంలో పిప్ నిలబడినది ఖైదీ నిలబడిన చోట. అందుకే ఇది చదివాక మొదటి అధ్యాయం ఒక పిల్లవాడి భయం కథగా మాత్రమే మిగలదు. ఆ పిల్లవాడు అప్పుడు చూడలేకపోయిన మనిషి కథ కూడా అవుతుంది.

"మొదటిసారి చదివినప్పుడు మనం పిప్ ఎత్తులో ఉండి చూస్తాం. ఖైదీ వాణ్ణి తలకిందులు చేసి జేబులు దులుపుతాడు. చర్చి శిఖరం వాడి కాళ్ల కింద కనిపిస్తుంది. ఆకురాయి, తిండి తేకపోతే గుండె, కాలేయం పీకించేస్తానని బెదిరిస్తాడు. కానీ అదే పేజీలో ఇంకో సంగతి ఉంది. పిప్ జేబులో దొరికింది ఒక్క రొట్టె ముక్క, ఖైదీ దాన్ని ఆబగా మింగుతాడు. మీ అమ్మ ఎక్కడ అని అడిగితే పిప్ 'అదిగో' అంటాడు. ఖైదీ ఉలిక్కిపడి నాలుగడుగులు పరుగెత్తి, ఆగి వెనక్కి చూస్తాడు. పిల్లవాడు చూపించింది సమాధిని. మొదటిసారి ఇది నవ్వొచ్చే ఘట్టం. ముగింపు తెలిశాక, ఒక పిల్లవాడి తల్లి అక్కడ ఉందంటేనే పరుగు తీయాల్సిన బతుకు ఇందులో కనిపిస్తుంది. అధ్యాయం చివర ఖైదీ ఉరికంబం వైపు కుంటుకుంటూ వెళతాడు. పిప్‌కు ఆ ఉరికంబం అతనెంత భయంకరుడో చెప్పే గుర్తు. మాగ్విచ్‌కు మరణశిక్ష పడి, అది అమలయ్యే లోపే జైల్లో చనిపోయాడని తెలిసిన మనకు, అది అతని కోసం మొదటి నుంచీ కాచుకుని ఉన్నది.

"చివరి దృశ్యం ఈ భాగాలనే ఒక్కొక్కటిగా తిరగేస్తుంది. అక్కడా పిల్లవాడు రాయి మీద ఉన్నాడు, అక్కడా సమాధిని చూపిస్తున్నాడు, అక్కడా పక్కన ఒక పెద్ద మనిషి ఉన్నాడు. బెదిరింపు మాత్రం లేదు. మొదట్లో అక్షరాల ఆకారం చూసి నాన్న ముఖం ఊహించుకున్న అనాథ పిప్, ఇప్పుడు తల్లీ తండ్రీ ఉన్న పిల్లవాడి చేత అదే రాయిని చూపించుకుంటున్నాడు.

"అయితే ముగింపు ఆరంభాన్ని తియ్యగా మార్చేస్తుందని అనలేం. 39వ అధ్యాయంలో మాగ్విచ్, ఆనాడు నువ్వు గొప్ప మనసుతో చేశావు అని పిప్‌ను పొగుడుతాడు. పిప్ ఆ తిండిని దొంగిలించింది ప్రాణభయంతో. మాగ్విచ్ కట్టుకున్న ఆశంతా ఒక పొరపాటు మీద నిలబడింది. పూర్తిగా పొరపాటూ కాదు. మూడో అధ్యాయంలో, కుక్కలా తింటున్న ఆ మనిషిని చూసి జాలేసి పిప్, మీకు నచ్చినందుకు సంతోషం అంటాడు. ఆ మాట చెప్పమని ఎవరూ బెదిరించలేదు. అయిదో అధ్యాయంలో పట్టుబడ్డ ఖైదీ, తిండి దొంగిలించింది తానేనని చెప్పి పిప్‌ను కాపాడతాడు. జో వెంటనే, మా ఇంటి తిండి నువ్వు తిన్నావంటే మాకేం బాధ లేదంటాడు. ముగింపు నుంచి చూస్తే నవలలోని మంచితనమంతా ఈ మూడు మాటల్లోనే ఉంది. పిప్ మధ్యలో దాన్ని లండన్‌లో వెతికాడు.

"చివరికి పిప్ ఆ పిల్లవాణ్ణి ఎప్పుడైనా నాకు ఇవ్వు, లేకపోతే అప్పుగానైనా ఇవ్వు అని బిడ్డీని అడుగుతాడు. ఆమె ఒప్పుకోదు, నువ్వు పెళ్లి చేసుకోవాలి అంటుంది. మాగ్విచ్ నిలబడిన చోట నిలబడిన పిప్‌కు మాగ్విచ్ కోరికే కలిగింది: ఒక పిల్లవాణ్ణి తనవాడిగా చేసుకోవాలని. ఈసారి కాదనడానికి ఆ పిల్లవాడికి తల్లి ఉంది. ఎస్టెల్లాతో కలయికకు డికెన్స్ రెండు రూపాలు రాశాడు. సమాధి రాయి దృశ్యం రెండింటిలోనూ ఉంది. కాబట్టి పిప్, ఎస్టెల్లా కలిశారా లేదా అన్నది ఎలా తేలినా ఆరంభం మారే తీరు మారదు."

అయిపోయింది. ఇందులో రెండు ముగింపుల సంగతికి ఎంత చోటు దక్కిందో చూడండి, చివర మూడు వాక్యాలు. మీ జవాబులో అది పేజీన్నర తిని ఉంటుంది. తోటి నవలాకారుడు బుల్వర్ లిటన్ సలహా మీద డికెన్స్ ముగింపు మార్చాడు, పాత ముగింపు తర్వాత మిత్రుడు ఫార్‌స్టర్ రాసిన డికెన్స్ జీవితచరిత్రలో బయటికొచ్చింది అన్నవి నిజాలే. కానీ అవి నవల పుట్టుక గురించినవి, మొదటి అధ్యాయం గురించి ఏమీ చెప్పవు. పాత ముగింపులో పిప్, ఎస్టెల్లా లండన్ వీధిలో కాసేపు కలిసి విడిపోతారు. అక్కడా చిన్న పిప్ పక్కనే ఉంటాడు, ఆమె వాణ్ణి పిప్ కొడుకే అనుకుంటుంది. ఇంత వివరం రాయగలిగితే రెండు ముగింపుల మాట ఎత్తండి, లేకపోతే పై మూడు వాక్యాలు చాలు.

నాలుగో పేరా ("తియ్యగా మార్చేస్తుందని అనలేం") వదిలేయకండి. సాధారణ జవాబుకు, మంచి జవాబుకు తేడా అక్కడే వస్తుంది. మాగ్విచ్ పొగడ్తను మీరూ నమ్మేసి "పిప్ చిన్నప్పటి దయకు ఫలితం దక్కింది" అని రాస్తే, పుస్తకం చదివిన ఏ లెక్చరర్ అయినా అక్కడ ఎర్ర పెన్ను ఆపుతారు. మూడో అధ్యాయం తెరిచి ఆ భయమూ ఆ జాలీ ఏ వరసలో వచ్చాయో ఒకసారి మీరే చూసుకోండి.

మంచు పోలిక కూడా వాడుకోవచ్చు, టైముంటే. పిప్ ఊరు వదిలినప్పుడు పొద్దుటి మంచు పైకి లేస్తుంది (19వ అధ్యాయం), చివర్లో సాయంత్రపు మంచు లేస్తుంది, కథకుడే రెండింటినీ కలిపి చెబుతాడు. కానీ అది కథకుడు చేతికిచ్చిన పోలిక కాబట్టి అందరూ రాస్తారు. సమాధి రాయి పోలికను మీరే పట్టుకోవాలి, అందుకే దానికి విలువ.

ఇంకొకటి, సినిమా చూసి రాయకండి. 1946లో డేవిడ్ లీన్ తీసినదాంట్లో పిప్ చివర్లో మిస్ హావిషామ్ ఇంటి కర్టెన్లు లాగేసి వెలుతురు తెస్తాడు. నవలలో అప్పటికి ఆ ఇల్లే ఉండదు, పాత తోట గోడ మాత్రం మిగిలి ఉంటుంది. కర్టెన్లు జవాబులోకి వచ్చాయంటే పుస్తకం తెరవలేదని అర్థమైపోతుంది.

మీ ఆబిడ్స్ కాపీ సంగతి: ముందు చివరి అధ్యాయం నంబరు చూడండి. 59 ఉంటే పూర్తి పుస్తకం. నంబర్లు మళ్లీ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంటే అది మూడు సంపుటాల పద్ధతి: 19, 20, 20 అధ్యాయాలు. అప్పుడు పై 39 మీ కాపీలో రెండో సంపుటం 20, 59 మూడో సంపుటం 20 అవుతాయి. రెండు పద్ధతులూ కలిపి రాయకండి. ఈ రెండూ కాక ముప్పయ్యో నలభయ్యో అధ్యాయాలే ఉంటే అది కుదించిన పుస్తకం. చివరి అధ్యాయంలో రాయి మీద కూర్చున్న పిల్లవాడి కోసం వెతకండి. వాడు లేకపోతే ఆ కాపీని పక్కన పెట్టి లైబ్రరీ నుంచి పూర్తి పుస్తకం తెచ్చుకోండి.

చివరి వాక్యాన్ని ఉటంకించాలనుకుంటే మీ కాపీలో ఉన్నట్టే రాయండి. 1861లో పుస్తకంగా వచ్చినప్పుడు ఒక రకంగా ఉంది, తర్వాతి ముద్రణల్లో డికెన్స్ దాన్ని మార్చాడు. పక్కవాళ్ల నోట్స్‌లో వేరేగా కనిపిస్తే కంగారు పడి కొట్టేయకండి.