రొయ్యల రైతుల మీటింగ్ ట్రాన్స్‌క్రిప్ట్‌లోంచి పనులు తీసేదెట్లా

ప్రశ్న: మూడు గంటల మీటింగ్ రికార్డింగ్, దాని ట్రాన్స్‌క్రిప్ట్ నా దగ్గర ఉన్నాయి. ముఖ్యమైన మాటలు టైమ్‌తో సహా, ఎవరు ఏం చెయ్యాలో కూడా తీసేదెట్లా?

చివరి నుంచి వెనక్కి చదవండి. మా అల్లూరు వైపు రొయ్యల రైతుల మీటింగులకు నేను చేసేది ఇదే. మన మీటింగుల్లో మొదటి గంట అంతా కరెంటు బిల్లు, మేత రేటు, రొయ్యల రేటు పడిపోయిన బాధ. తేలేది ఆఖరి అరగంటలోనే. పైనుంచి రాసుకుంటూ వస్తే మధ్యలో ఎవరో అన్న మాట తీర్మానంగా పడిపోతుంది, తర్వాత దాన్ని మార్చుకున్న సంగతి పోతుంది.

మొన్నటి మీటింగే చూడండి. ఒకరి గుంటకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చింది. ఆ నీళ్లు శుద్ధి చేయకుండా డ్రెయిన్‌లోకి వదిలితే, అదే నీళ్లు తోడుకునే పక్క గుంటలకు వైరస్ పోతుంది. 41వ నిమిషంలో "నాలుగు రోజులు ఆపి వదులుదాం" అన్నారు, అందరూ సరే అన్నారు. రెండున్నర గంటలు దాటాక ఒక పెద్దాయన గట్టిగా పట్టుబట్టి బ్లీచింగ్ కొట్టి వారం ఆపాలన్నాడు, దానికి ఒప్పుకున్నారు. 41వ నిమిషం మాట రాసి గ్రూపులో పెట్టి ఉంటే ఎవరో ఒకరు నాలుగో రోజే తూము ఎత్తేసేవాళ్లు.

ట్రాన్స్‌క్రిప్ట్‌ను టైమ్‌లతో ముక్కలుగా ఇచ్చే ఎస్ఆర్‌టీ ఫైల్ తెరిస్తే ఇట్లా ఉంటుంది:

```
2214
02:36:11,400 --> 02:36:14,900
బీచింగ్ నేను నెల్లూరు నుంచి తెప్పిస్తా

2215
02:36:14,900 --> 02:36:18,200
శనివారం కాదులే ఆదివారం లోపల
```

పని ఒక ముక్కలో, గడువు ఇంకో ముక్కలో పడ్డాయి. అందుకే ఏ ముక్క దొరికినా పైన నాలుగు, కింద నాలుగు చదవాలి. "బ్లీచింగ్" అని వెతికితే ఇది దొరకదు, ఎందుకంటే యంత్రం దాన్ని "బీచింగ్" అని రాసుకుంది. మా సీడ్‌ను కూడా చాలాచోట్ల "సీటు" చేసింది. అందుకే నేను వస్తువు పేర్లతో వెతకను. "తెప్పిస్తా", "పంపిస్తా", "మాట్లాడతా", "లోపల", "రేపు", "ఎల్లుండి" లాంటి మాటలతో వెతుకుతాను. మాట ఇచ్చిన చోటల్లా ఇవి ఉంటాయి. "చూద్దాం" అన్నచోట పని లేనట్టే, దాన్ని వదిలేస్తాను.

ఇంకొకటి, ఈ ఫైల్‌లో మాట్లాడినవాళ్ల పేర్లు ఉండవు. "నేను తెప్పిస్తా" అన్న ఆ "నేను" ఎవరో తెలియాలంటే ఆడియో వినాల్సిందే. అంకెలు, రోజులు కూడా చెవితోనే సరిచూడాలి, ఫ్యాను పక్కన ఫోన్ పెట్టి రికార్డ్ చేస్తే మరీనూ. దయచేసి ఫోన్ మాట్లాడేవాళ్ల మధ్యలో పెట్టండి, ఎంత చెప్పినా మావాళ్లు కిటికీలో పెడతారు! "ఆదివారం" అని ఉంటే మీటింగ్ జరిగిన రోజు చూసుకుని తేదీ వేయాలి, లేకపోతే వారం తర్వాత చదివినవాళ్లకు ఏ ఆదివారమో తెలియదు.

టైమ్ కూడా మాట పడిన క్షణానిది ఇవ్వకూడదు. 2:36:11 అని ఇస్తే వినేవాళ్లకు ముందూ వెనకా తెలియదు. పెద్దాయన మాట మొదలైంది 2:35:50కి, నేను అదే ఇచ్చాను. రికార్డింగ్ యూట్యూబ్‌లో ఉంటే దాన్ని సెకన్లలోకి మార్చి (9350) లింక్ చివర `?t=9350` అని తగిలించండి, లింకులో ముందే `?` ఉంటే `&t=9350`. నొక్కితే సూటిగా అక్కడికే పోతుంది. వీడియో కింద వివరణలో టైమ్‌లు రాసి భాగాలుగా కూడా చూపించొచ్చు. మొదటిది `0:00` అయ్యుండాలి, వరసగా కనీసం మూడైనా ఉండాలి, ఒక్కో భాగం 10 సెకన్లకు తగ్గకూడదు. రికార్డింగ్ మొదట్లో కుర్చీలు సర్దుకునే భాగం కత్తిరించాలనుకుంటే ట్రాన్స్‌క్రిప్ట్ తీయకముందే కత్తిరించండి. తర్వాత కత్తిరిస్తే అంతమేర టైమ్‌లన్నీ పక్కకు జరుగుతాయి.

చివరికి గ్రూపులో పెట్టింది ఇంతే:

2:35:50 – జబ్బు గుంట నీళ్లు బ్లీచింగ్ కొట్టి వారం ఆపాలి. వదిలే ముందు గ్రూపులో చెప్పాలి. గుంట యజమాని బాధ్యత.
2:35:50 – బ్లీచింగ్ నెల్లూరు నుంచి తెప్పించడం. (పేరు, ఆదివారం తేదీ)
1:20:05 – డ్రెయిన్ పూడిక తీసే ఖర్చు ఎవరు పెట్టాలి: తేలలేదు.

ఆ మూడో వరస మాత్రం తప్పకుండా రాయండి. మినిట్స్ పుస్తకాల్లో "చర్చించడమైనది" అని రాసి మూసేస్తారే, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తేలలేదు అని టైమ్‌తో సహా కనిపిస్తేనే వచ్చే మీటింగ్‌లో ఆ ఖర్చు దగ్గర్నుంచే మాట మొదలుపెట్టగలం.