కంపెనీ ఇచ్చే కేజ్ అడుగు ముందు చూడండి, లాభం లెక్క తర్వాత

"మాంసం కోసం కుందేళ్ల పెంపకం మొదలుపెడదామనుకుంటున్నాను. ఒక కంపెనీ వాళ్లు 7 ఆడ, 3 మగ యూనిట్ కేజ్‌లతో కలిపి ఇస్తామంటున్నారు. ఏడాదికి ఎన్ని పిల్లలు వస్తాయి? లాభం ఉంటుందా?"

కాగితం మీద చాలానే వస్తాయండీ. చూడి 31 రోజులు, ఒక రోజు అటూ ఇటూ. ఈతకు 6 నుంచి 8 పిల్లలు. పాలు మానిపించగానే మళ్లీ జత. అమ్మేవాళ్లు ఇది గుణించి చూపిస్తారు, మనకు నోరూరుతుంది. ఆ లెక్కలో రెండు విషయాలు ఉండవు. ఒకటి మన ఎండాకాలం. రెండోది పాలు మానిన కొద్ది రోజులకే పోయే పిల్లలు. మాకు షెడ్ ఉంది కాబట్టి చెప్తున్నాను, ఈ రెండే మీ లాభాన్ని తేలుస్తాయి.

ఎండ సంగతి త్వరగా చెప్పేస్తాను. కుందేళ్ల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఒకటి కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో ఉంది. అక్కడ చలికి స్వెట్టర్లు వేసుకుంటారు. కరపత్రాల్లో కనిపించే ఈతల లెక్కలు అలాంటి చల్లటి చోట్లకు కుదురుతాయి కానీ మే నెలలో మన ఊళ్లకు కాదు. 30 డిగ్రీలు దాటితే మగ కుందేలు వీర్యం దెబ్బతింటుంది. మళ్లీ కొత్తది తయారవడానికి ఆరేడు వారాలు పడుతుంది. అందుకే మే నెల ఎండ తిన్న మగది జూలై దాకా ఆడదాని మీదికి ఎక్కుతుంది, చూడి మాత్రం నిలవదు. జనం ఆడదాన్ని తిట్టి అమ్మేస్తారు. ఆ రెండు మూడు నెలలు లెక్కలోంచి తీసేయండి.

ఇక పిల్లల చావు. మా బావమరిది షెడ్‌లో జరిగింది చెప్తాను. ఈతలు బాగా వచ్చాయి, తల్లులు బాగా సాకాయి. తల్లుల కేజ్‌లకు మంచి వెల్డ్ మెష్ వేశాడు. పాలు మానిన పిల్లలు ఉండే కేజ్‌లకు మాత్రం ఖర్చెందుకని అడుగున వెదురు బద్దలు పరిచాడు. ఐదో వారంలో విడదీశాడు. ఆరో వారం నుంచి రోజుకొకటి పోవడం మొదలైంది. పొట్ట ఉబ్బి, వెన్నెముక చేతికి తగిలేంత చిక్కి, వెంట్రుకలు గరుకుగా లేచి ఉండేవి. కొన్నింటికి విరేచనాలు, కొన్నింటికి అవీ లేవు.

ఊళ్లో ఒకాయన అజీర్తి అన్నాడు, గడ్డి మార్చారు. మందుల షాపులో అమోక్సిసిలిన్ ఇచ్చారు, అది నీళ్లలో కలిపి పెట్టారు. మర్నాటికి చావులు ఇంకా పెరిగాయి. ఇది గుర్తు పెట్టుకోండి: అమోక్సిసిలిన్, పెన్సిలిన్ లాంటివి కుందేలుకు నోటి ద్వారా ఇవ్వకూడదు. దాని పెద్దపేగులో మేత అరిగించే సూక్ష్మజీవులు పోయి, విషం పుట్టించేవి పెరుగుతాయి. కోళ్లకు, మేకలకు ఇచ్చిన మందే దీనికీ ఇచ్చేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. కుందేలు అంటే బుల్లి మేక అనుకుంటారు.

చివరికి నేను చచ్చిన పిల్లను కవర్లో వేసి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ కోసి చూపించారు. లివర్ ఉండాల్సిన దానికన్నా పెద్దగా ఉంది, దాని మీదంతా సగ్గుబియ్యం అంటించినట్టు తెల్లటి గడ్డలు. ఒకటి కోస్తే మీగడలాంటి ద్రవం వచ్చింది. లివర్ కాక్సిడియోసిస్ అన్నారు. ఇదే జబ్బులో పేగులకు వచ్చే రకాలు వేరే ఉన్నాయి, వాటిలో విరేచనాలు ఎక్కువ. ఏ రకమైనా వచ్చే దారి మాత్రం ఒకటే, పెంట.

ఆ దారి ఎలాగో చెప్తాను, కేజ్ డిజైన్ అంతా దీని మీదే ఉంది. పెద్ద కుందేళ్లు ఏ జబ్బూ లేనట్టు కనిపిస్తూనే ఈ జబ్బు తెచ్చే క్రిమి గుడ్లను పెంటలో వదులుతుంటాయి. అప్పుడే పడ్డ పెంటలోని గుడ్డు ఏమీ చేయలేదు. తేమ, వెచ్చదనం దొరికి ఒకటి రెండు రోజులు, కొన్ని రకాలకు మూడు రోజులు గడిస్తేనే అది అంటుకునే స్థితికి వస్తుంది. కుందేలు తన మెత్తటి పెంట తనే తింటుంది కదా, ఇంక ఈ జబ్బు ఎలా ఆపుతాం అని కొందరు చేతులెత్తేస్తారు. ఆ మెత్తటి పెంటను అది నేరుగా నోటితోనే అందుకుంటుంది, అందులో గుడ్డుకు పండే టైమ్ ఉండదు. ప్రమాదం కేజ్‌లో నిలిచిపోయిన గోలీల పెంటతోనే. వెదురు బద్దల సందుల్లో ఇరుక్కుని, మూత్రంతో తడిసి ఉండేది అదే.

ఆరో వారంలోనే ఎందుకంటే, పిల్లలు మూడో వారంలో గూడు పెట్టెలోంచి బయటికొచ్చి తల్లి మేత నాకడం మొదలుపెడతాయి. అప్పుడే అంటుతుంది. లోపల పెరగడానికి రెండు వారాల పైనే పడుతుంది. ఆ లోపు పాలు మానిపిస్తాం, ఆ ఒత్తిడి కూడా తోడవుతుంది.

కాబట్టి అడుగుకు 14 గేజ్ జింకు పూత వెల్డ్ మెష్, అర అంగుళం వెడల్పు, అంగుళం పొడవు కన్నాలు. గోలీ కిందికి జారాలి, పిల్ల కాలు జారకూడదు. తల్లికి సుమారు రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు సరిపోతుంది. కేజ్ నేలకు మూడడుగుల పైన ఉంటే కింద ఊడ్వడం సులువు. ఒకదాని మీద ఒకటి అంతస్తులు కడితే మధ్యలో వాలుగా రేకు లేకపోతే పైవాటి పెంట కిందవాటి మేతలో పడుతుంది. స్థలం కలిసొస్తుందని కంపెనీ వాళ్లు ఇచ్చేవి చాలావరకు ఇలాగే ఉంటాయి, నాకు మహా చిరాకు. తీగ మీదే ఎప్పుడూ ఉంటే వెనక కాళ్ల కింద పుండ్లు పడతాయి, అందుకు ఒక మూల చెక్క పెట్టండి. రెండు చెక్కలు ఉంచుకుని ఒకటి ఎండలో, ఒకటి లోపల, రోజూ మార్చాలి.

ఫినాయిల్ చల్లితే ఈ గుడ్లు చావవు. మరిగే నీళ్లు పోయాలి, లేదా ఖాళీ కేజ్‌ను బ్లో లాంప్‌తో కాల్చాలి. బావమరిది వెదురు తీయించి మెష్ వేయించాడు, డాక్టరమ్మ సల్ఫా మందు రాసిచ్చారు. అప్పటికే లివర్ బాగా చెడినవి బతకలేదు, మిగతావి నిలబడ్డాయి. మందు వాడిన పిల్లలను డాక్టర్ చెప్పిన గడువు దాటాకే మాంసానికి అమ్మాలి. ఈ జబ్బు మనకు అంటదు, అయినా గడ్డలున్న లివర్ పారేయాల్సిందే.

జత కట్టించేటప్పుడు ఆడదాన్నే మగదాని కేజ్‌లోకి తీసుకెళ్లండి, తిరగేస్తే ఆడది కరుస్తుంది. 27వ రోజున గూడు పెట్టె పెట్టండి. తల్లి పాలివ్వడం లేదని కంగారుపడొద్దు, రోజుకు ఒకసారి, ఐదు నిమిషాల లోపే ఇస్తుంది. పొద్దున పిల్లల పొట్టలు గుండ్రంగా ఉన్నాయా లేదా, అదొక్కటి చూడండి.

మీ లాభం ప్రశ్నకు వస్తే, మన ఊళ్లలో పిల్లలు బాగా పెరిగితే మూడు నెలలకు రెండు కిలోల దరిదాపుకు వస్తాయి, కోస్తే అందులో సగం మాంసం. తిరిగి కొంటామన్న మాట నమ్మి లెక్కేయకండి, చాలామందికి ఆ ఫోన్ రెండో ఈతకే కలవడం మానేసింది. మీ చుట్టుపక్కల కొనే హోటల్ ఉందో లేదో ముందే అడగండి. డబ్బు కట్టే ముందు ఆ కంపెనీ షెడ్‌కు చెప్పకుండా వెళ్లి, ఆరు నుంచి ఎనిమిది వారాల పిల్లల కేజ్ చూపించమనండి. తల్లులను, మగవాటిని ఎవరైనా చూపిస్తారు, ఈ వయసు పిల్లలు ఎన్ని మిగిలాయో చూపించడానికే వెనకాడతారు.