60 శాతం అయిపోయింది, ఇంకా 12 రోజులుంది: డేటా నెలాఖరు వరకు వస్తుందా?

ప్రశ్న: నాది 28 రోజుల ప్లాన్, మొత్తం 50 జీబీ. ఈ రాత్రికి 60 శాతం వాడేశాను, ఇంకా 12 రోజులుంది. సగానికి పైగా రోజులు గడిచాయి కాబట్టి ఫర్వాలేదనుకోవచ్చా? లేక ఇప్పుడే అదనపు డేటా కొనుక్కోవాలా? మాది కడప, ఇంట్లో వైఫై లేదు.

జవాబు:

ఇప్పటిదాకా వాడినట్టే వాడితే చాలదు. అయితే తేడా చాలా చిన్నది, కాబట్టి ఈ రాత్రే డబ్బు పెట్టకండి.

12 రోజులు మిగిలాయంటే 16 రోజులు గడిచాయి. 16 రోజుల్లో 60 శాతం అంటే రోజుకు 3.75 శాతం ఖర్చవుతోంది. మిగిలిన 40 శాతాన్ని 12 రోజులకు పంచితే రోజుకు 3.33 శాతమే వస్తుంది. ఖర్చు రాబడికి మించి ఉంది. ఇదే వేగంతో వెళితే 40 శాతం పదిన్నర రోజులకు కాస్త ఎక్కువ వస్తుంది, అంటే 27వ రోజు సాయంత్రానికి అయిపోతుంది. ఆ రాత్రి, ఆ మరుసటి రోజంతా డేటా ఉండదు. జీబీల్లో చెప్పాలంటే మీకు తక్కువ పడేది రెండున్నర జీబీ.

ఈ లెక్కను నమ్మే ముందు ఒక విషయం చూసుకోండి. ఆ ‘12 రోజులు’ అన్నది ఎక్కడ చూశారు? ఈ రోజును కూడా కలుపుకుని 12 అని చూపించి ఉంటే, రాత్రి పడుకునే వేళకు గడిచినవి 17, మిగిలినవి 11. అప్పుడు ఖర్చు రోజుకు 3.53 శాతం, చేతిలో ఉన్నది రోజుకు 3.64 శాతం. అంటే సరిపోతుంది! ఒక్క రోజు లెక్క తప్పితే జవాబే తారుమారవుతుంది. అందుకే మిగిలిన రోజుల సంఖ్యను పట్టించుకోకుండా ప్లాన్ ముగిసే తేదీ చూసి, వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. రీచార్జి చేసిన రోజు, అది రాత్రి తొమ్మిదింటికి చేసినా సరే, సాధారణంగా మొదటి రోజు కిందే పోతుంది. శాతాన్ని కూడా ఎప్పుడూ ఒకే వేళకు చూడండి. నేను రాత్రి పడుకునే ముందు చూస్తాను. పొద్దున చూసిన శాతాన్ని రాత్రి వరకు గడిచిన రోజులతో భాగిస్తే ఒక పూట వాడకం లెక్కలోకే రాదు.

ఇక ఆ శాతం ఎక్కడిది? ఇందులోనే నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక నాపరాళ్ల యార్డులో లెక్కలు రాస్తాను. ఇంట్లో కంప్యూటర్‌కు కూడా నా ఫోను హాట్‌స్పాటే ఆధారం. ఒక ఏడాది జనవరి 9న ఇలాంటిదే, 28 రోజులకు 50 జీబీ ప్లాన్ వేయించాను. గడువు ఫిబ్రవరి 5 వరకు. మధ్యలో సంక్రాంతి వచ్చింది, మా చెల్లెలి పిల్లలు వారం రోజులు ఇంట్లో ఉన్నారు. ఫిబ్రవరి 2 సాయంత్రం ఫోను సెట్టింగుల్లో డేటా వాడకం చూస్తే 4 జీబీ కూడా నిండలేదు. ఇంకా 46 జీబీ ఉందనుకుని నిశ్చింతగా కూర్చున్నాను. ఆ రాత్రి పది దాటాక మా అమ్మాయి ఇంటర్ ఫిజిక్స్ పాఠం చూస్తుండగా వీడియో ఆగిపోయింది. బోర్డు మీద సగం గీసిన కటకం బొమ్మ, దాని మీద గుండ్రంగా తిరుగుతున్న చక్రం. డేటా పూర్తయిందని మెసేజ్ వచ్చింది. గడువుకు ఇంకా మూడు రోజులుంది.

ఫోను అబద్ధం చెప్పలేదు. అది ప్రతి నెలా ఒకటో తేదీన సున్నా నుంచి మొదలుపెట్టి లెక్కిస్తోంది. జనవరి 9 నుంచి 31 వరకు అయిన 46 జీబీ దాని దృష్టిలో పోయిన నెల లెక్క. కంపెనీకి మాత్రం అదంతా ఒకే ప్లాన్. ఫోనులో లెక్క మొదలయ్యే తేదీని మార్చుకునే వీలుంది. కానీ 28 రోజుల ప్లాన్ ప్రతిసారీ ముందుకు జరుగుతుంది, ఏడాదికి 13 రీచార్జీలు పడతాయి, కాబట్టి ప్రతిసారీ ఆ తేదీ దిద్దుకోవాలి. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం తర్వాత ప్రతి నెలా అదే తేదీన పునరుద్ధరించుకునే ప్లాన్ ఒకటైనా కంపెనీలు ఇవ్వాల్సి వచ్చింది. అలాంటిది తీసుకుని ఫోనులో ఆ తేదీ ఒక్కసారి పెట్టుకుంటే రెండు లెక్కలూ కలుస్తాయి. మీది 28 రోజులది కాబట్టి శాతం కోసం మీ కంపెనీ యాప్‌లో మిగిలిన డేటానే చూడండి. ఫోను లెక్క వేరే పనికొస్తుంది, అది కింద చెబుతాను.

ఆ దెబ్బ తర్వాత నేను వంటింట్లో గోడ క్యాలెండర్ మీద రాయడం మొదలుపెట్టాను. ఏ రోజు ఎన్ని లీటర్ల పాలు పోయించుకున్నామో మా ఆవిడ ఆ గళ్లలోనే గీతలు గీస్తుంది. ఆ గీతల పక్కన నాలుగైదు రోజులకోసారి పెన్సిల్‌తో డేటా శాతం వేస్తాను. అలా రాసుకుంటూ పోతేనే తెలిసింది: ఒక్కసారి చూసిన శాతం దాదాపు ఏమీ చెప్పదు. రెండుసార్లు చూస్తేనే సంగతి తెలుస్తుంది.

మీ 60 శాతాన్నే తీసుకోండి. అది మూడు రకాలుగా వచ్చి ఉండవచ్చు.

రోజూ ఒకేలా వాడితే పైన చెప్పిన లెక్కే, ఒక రోజుకు పైగా లోటు. రెండోది, అందులో 12 శాతం, అంటే 6 జీబీ, ఒకే రోజు పోయి ఉండవచ్చు. కొత్త ఫోనులోకి పాతవన్నీ దించుకున్నారు, లేదా పెళ్లి వీడియోలు ఎవరికో పంపారు. ఆ రోజును పక్కన పెడితే 15 రోజుల్లో 48 శాతం, రోజుకు 3.2. ఆ లెక్కన 12 రోజులకు 38.4 శాతం చాలు. మీ దగ్గర 40 ఉంది. ఏమీ చేయనక్కరలేదు. మూడోది భయపడాల్సినది. మొదటి 11 రోజుల్లో 30 శాతమే వాడి, చివరి 5 రోజుల్లో 30 శాతం లాగేశారనుకోండి. ఇప్పుడు నడుస్తున్న వేగం రోజుకు 6 శాతం. మిగిలిన 40 శాతం వారం రోజులకు కూడా రాదు. మొత్తం సగటు మాత్రం మూడింటిలోనూ ఒకటే, 3.75. సగటును చూసి ధైర్యపడితే మూడో రకం వాళ్లు నిండా మునుగుతారు.

మీది ఏ రకమో తేల్చడానికి ఫోను సెట్టింగుల్లోని యాప్‌ల వారీ వాడకం చూడండి. ఫోను లెక్క పనికొస్తుందన్నది ఇందుకే. మొత్తం తప్పు కావచ్చు గానీ, ఎవరు తింటున్నారో అదే చూపిస్తుంది. మొన్నామధ్య మా క్యాలెండర్‌లో 14వ రోజున 41 ఉన్న అంకె 18వ రోజుకు 62 అయింది. నాలుగు రోజుల్లో 21 శాతం! మామూలుగా మాకు రోజుకు 3 చొప్పున 12 అవ్వాలి. అదనంగా పోయిన 9 శాతం, నాలుగున్నర జీబీ, ఎక్కడికి వెళ్లిందా అని చూస్తే జాబితాలో అన్నిటికన్నా పైన హాట్‌స్పాట్ ఉంది. యార్డు బిల్లులు చేయడానికి కంప్యూటర్ కలిపి, పని అయ్యాక ఆపకుండా పడుకున్నాను. రాత్రంతా అది తన అప్‌డేట్లు దించుకుంది. విండోస్ కంప్యూటర్ అయితే ఆ వైఫై కనెక్షన్ వివరాల్లో `Metered connection` అని ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. ఆన్ చేశాను. మిగిలిన 10 రోజులకు పాత లెక్కన 30 శాతం కావాలి, చేతిలో 38 ఉంది. అదనపు డేటా కొనలేదు. గడువు రోజు రాత్రికి 94 దగ్గర ఆగింది. ఆ నెల 62 చూడగానే కంగారుపడి కొని ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది.

మీరు ఈ రాత్రి 60 అని ఎక్కడైనా రాసి పెట్టుకోండి. సరిగ్గా నాలుగు రాత్రుల తర్వాత, అంటే 20వ రోజున, మళ్లీ చూడండి. 73 దగ్గరో అంతకు లోపో ఉంటే గట్టున పడ్డట్టే. 75 ఉంటే పాత వేగమే నడుస్తోంది, ఆఖరున లోటు తప్పదు. 80 దాటితే మీరు మూడో రకం. ఈలోగా రోజుకు సుమారు 210 ఎంబీ తగ్గించగలిగితే లోటు దానంతటదే పూడుతుంది. 480p లో వీడియో గంటకు సుమారు అర జీబీ తింటుంది కాబట్టి అది దాదాపు 25 నిమిషాల వీడియో. ఇంట్లో ఎవరైనా 720p, 1080p లో చూస్తుంటే నాణ్యతను 480p కి దించడమే సులువు. నిమిషాలు తగ్గించుకోనక్కరలేదు. పిల్లల పాఠాలకు 480p లో బోర్డు మీద అక్షరాలు బాగానే కనిపిస్తాయి, మా అమ్మాయి అలాగే చదివింది.

వాడకం పెరిగే రోజులు ముందున్నాయేమో కూడా చూసుకోండి. ఆదివారాలు, సెలవులు, చుట్టాలు వచ్చే రోజులు గడిచిన 16 రోజుల్లో రెండుండి, మిగిలిన 12 రోజుల్లో నాలుగుంటే పాత వేగం ముందుకు పనికిరాదు. సంక్రాంతి నెలలో నాకు జరిగింది అదే. ఆ వారంలో రోజుకు ఎంత పోయిందో నేను రాసుకోలేదు, అందుకే 2వ తేదీ దాకా ఏమీ తెలియలేదు.

ఇదంతా నెల మొత్తానికి కలిపి ఇచ్చే డేటాకే వర్తిస్తుంది. రోజుకు ఒకటిన్నర జీబీ అని ఇచ్చే ప్లాన్లలో అర్ధరాత్రి దాటగానే కొత్త కోటా వస్తుంది కాబట్టి అక్కడ నెల లెక్క అక్కరలేదు.

20వ రోజున 75 గానీ అంతకు పైన గానీ ఉండి, తగ్గించడం కుదరకపోతే అప్పుడు కొనండి. కొనేటప్పుడు జీబీలతో పాటు గడువు కూడా చదవండి. ఒక్క రోజుకే పనిచేసే ప్యాకులు చవకగా కనిపిస్తాయి, అవి 20వ రోజున కొంటే 27వ రోజుకు ఉండవు. అసలు ప్లాన్ గడువు ముగిసేదాకా నడిచే ప్యాకు అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. అప్పటికి 75 దగ్గరే ఉంటే మీ లోటు రెండున్నర జీబీ కాబట్టి 3 జీబీ ప్యాకు దొరికితే అంతకు మించి అవసరం ఉండదు.