శాంక్షన్ లెటర్ చేతికొచ్చింది, డబ్బు ఇంకా రాలేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. లోన్ తీసుకోవడం ఇదే మొదటిసారి. 48 లక్షల హోమ్‌లోన్‌కు శాంక్షన్ లెటర్ వచ్చింది. మియాపూర్‌లో 60 లక్షలకు పాత ఫ్లాట్ ఒకటి నచ్చింది. 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి 45 రోజుల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోమంటున్నారు. ఇచ్చేయొచ్చా? ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. బ్యాంకు ఇప్పటిదాకా చూసింది మీ జీతం, మీ సిబిల్ స్కోరు మాత్రమే. ఫ్లాట్‌ను ఇంకా చూడలేదు. లెటర్‌లోని షరతులు చదవండి, లీగల్, టెక్నికల్ రిపోర్టులకు లోబడి అని ఉంటుంది. బ్యాంకు లాయరు ఫ్లాట్ ఇంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే లింకు డాక్యుమెంట్లు, దాని మీద తాకట్టులేమైనా ఉన్నాయో చెప్పే ఈసీ, ప్లాన్ అనుమతి చూస్తారు. వాల్యుయర్ ఫ్లాట్‌కి వచ్చి విలువ కడతారు. ఇబ్బంది ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

వాల్యుయర్ 54 లక్షలే కట్టారనుకుందాం. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్లకు విలువలో 80 శాతం దాటకూడదన్నది రిజర్వు బ్యాంకు పరిమితి. ఒప్పందం ధర, వాల్యుయేషన్‌లలో ఏది తక్కువైతే బ్యాంకు దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. అంటే మీకొచ్చేది 43.20 లక్షలు. మీ జేబులోంచి పెట్టాల్సింది 12 లక్షలు కాస్తా 16.80 లక్షలవుతుంది. రిజిస్ట్రేషన్ ఖర్చులు దీనికి అదనం. 45 రోజుల గడువులో ఆ 4.80 లక్షలు ఎక్కణ్ణుంచి తెస్తారు?

అందుకే ముందు ఫ్లాట్ కాగితాల జిరాక్సులు అడిగి తీసుకుని బ్యాంకుకివ్వండి. అమ్మేవాళ్లు టోకెన్ లేనిదే కుదరదంటే చిన్న మొత్తమే ఇవ్వండి. లీగల్ క్లియరెన్స్ రాకపోయినా, లోన్ తగ్గినా అది వాపసిచ్చేలా అగ్రిమెంట్‌లో రాయించండి. ఆ ఫ్లాట్ మీద వాళ్లకే లోన్ ఉంటే ఒరిజినల్స్ వాళ్ల బ్యాంకులో ఉంటాయి. ఎంత బాకీ ఉందో, ఏయే పత్రాలు అక్కడున్నాయో ఆ బ్యాంకు నుంచి లెటర్ తెప్పించమనండి. దానికి కొన్నాళ్లు పడుతుంది కాబట్టి ఇవాళే అడగండి.

ఇక మీ కాగితాలు. మూణ్ణెల్ల పేస్లిప్పులు, రెండేళ్ల ఫారం 16, ఆరు నెలల జీతం ఖాతా స్టేట్‌మెంటు సాధారణంగా అడుగుతారు. అవి చాలావరకు ఇచ్చేసే ఉంటారు. కానీ డబ్బు విడుదలకు ముందు తాజావి మళ్లీ అడగొచ్చు. మొదటిసారి తీసుకునేవాళ్లు తరచూ ఇరుక్కునేది పేరు దగ్గర. మనవాళ్లకు ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా ఉంటుంది. మీ పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి.

మీ వాటా డబ్బు ఎక్కడిదో కూడా బ్యాంకు అడుగుతుంది. నాన్నగారు ఇస్తుంటే నగదుగా కాకుండా ఖాతాలో వేయించుకోండి. అమ్మేవాళ్లకు కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉంచుకోండి. మీ వాటా కట్టినట్టు రుజువు చూపిస్తేనే బ్యాంకు తన చెక్కు ఇస్తుంది.

రిజిస్ట్రేషన్ అయ్యేదాకా కారు లోన్, ఈఎంఐ మీద ఫోన్ లాంటివి వద్దు. ఉద్యోగం మారే ఆలోచన ఉంటే బ్యాంకుకు ముందే చెప్పండి. విడుదలకు ముందు సిబిల్, ఉద్యోగం మళ్లీ సరిచూస్తే శాంక్షన్ తగ్గించే అవకాశం, ఆపేసే అవకాశం కూడా బ్యాంకుకు ఉంటాయి.