చెరువు నుంచి పరిశోధనాంశం దాకా

ప్రశ్న: నేను జాగ్రఫీలో పీజీ చేస్తున్నాను. మా ప్రాంతపు చెరువులంటే ఆసక్తి. ప్రాజెక్టు అంశం కోసం మైండ్ మ్యాప్ మొదలుపెడితే ‘చరిత్ర, ఉపయోగాలు, సమస్యలు’ దగ్గరే ఆగిపోయింది. ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన ఈ ఇబ్బంది తీరదు. ఉచితంగా దొరికే ఫ్రీప్లేన్ మీ పనికి సరిపోతుంది; అందులో Tab నొక్కితే ఎంచుకున్న కొమ్మకు ఉపశాఖ, Enter నొక్కితే దాని పక్కనే మరో కొమ్మ వస్తాయి. చిక్కంతా మీ మొదటి వరుసలోనే ఉంది. ఆ మూడూ ఏ విషయానికైనా అతికే శీర్షికలు కనుక, వాటి కింద చెరువుకే ప్రత్యేకమైనదేదీ తోచదు.

వాటిని తీసేసి చెరువులోని భాగాలను, దాని మీద ఆధారపడిన మనుషులను రాయండి: కట్ట, తూము, అలుగు, పూడిక, ఆయకట్టు, నీరు వదిలే నీరటి, చేపలు పట్టేవారు. ఇప్పుడు ఒక్కో కొమ్మ దానంతటదే ప్రశ్నలు పుట్టిస్తుంది. నీరటి కింద ‘బోర్లు వచ్చాక ఆ పని ఎవరిది?’ అనీ, పూడిక కింద ‘ఎవరు తీశారు, ఆ మట్టి ఏ పొలాలకు వెళ్లింది?’ అనీ రాయవచ్చు. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ పూడిక కొమ్మ కిందికే వస్తుంది.

తర్వాత దూరంగా ఉన్న రెండు కొమ్మలను కనెక్టర్ గీతతో కలపండి. కొత్త అంశాలు ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయని నా అభిప్రాయం. ‘దేనితో కొలుస్తాం?’ అని విడిగా ఒక కొమ్మ వేసి, దాని కిందున్న ఉపగ్రహ చిత్రాలను పూడికతో కలిపితే, ‘పూడిక తీశాక ఫలానా మండలంలోని చెరువుల్లో నీటి విస్తీర్ణం పెరిగిందా?’ అనే ప్రశ్న వస్తుంది. చోటు, కాలం, ఆధారం మూడూ చెప్పగలిగితే అది పరిశోధనాంశం. ఏ ఒక్కటి లేకపోయినా ఆ కొమ్మను ఇంకా విడగొట్టాలి.

అయితే ఆ ఆధారం నిజంగా నిలుస్తుందో లేదో కూడా అక్కడే ఉపశాఖలుగా రాసి చూడండి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో ఒక పిక్సెల్ 10 మీటర్లు, కానీ ఆ శ్రేణిలో మొదటి ఉపగ్రహాన్ని ప్రయోగించిందే 2015లో. అందువల్ల పూడిక తీయకముందటి స్థితికి లాండ్‌శాట్ చిత్రాలు వాడాల్సి వస్తుంది. వాటిలో పిక్సెల్ 30 మీటర్లు కనుక హెక్టారు కుంట సుమారు 11 పిక్సెళ్లకే పరిమితమై కొలత నమ్మదగ్గది కాదు. పెద్ద చెరువులనే తీసుకోవాలి. వర్షాకాలంలో మబ్బులు అడ్డం వస్తాయి కాబట్టి, వానలు వెనకబట్టాక తీసిన చిత్రాలను ఏటా ఒకే నెలవి ఎంచుకోవాలి. అప్పుడు కూడా విస్తీర్ణం పెరగడానికి ఆ ఏటి మంచి వానే కారణం కావచ్చు కనుక, అదే మండలంలో పూడిక తీయని చెరువులతో పోల్చాలి. అలాంటివి మీ మండలంలో లేవని తేలితే ఈ కొమ్మను చెరిపేయకుండా మడిచి ఉంచి, నీరటి కొమ్మకు వెళ్లండి. దానికి ఉపగ్రహాలతో పని లేదు, ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడితే మొదలవుతుంది.