నర్సాపురం లేసు పేరుతో ఆన్‌లైన్ సేల్: డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మాది పాలకొల్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక షాపు ‘నర్సాపురం చేతి లేసు టేబుల్ కవర్’ 6,999 నుంచి 2,199కి తగ్గించి అమ్ముతోంది. మా అమ్మాయి గృహప్రవేశానికి మూడు కొందామనుకుంటున్నాను. ముందే డబ్బు కట్టాలట, డెలివరీ ‘12 నుంచి 25 పని దినాలు’ అని ఉంది. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండమ్మా. నాకు ముందుగా అనుమానం వచ్చింది ఆ డెలివరీ మాట దగ్గరే. నర్సాపురం మీకు పక్క ఊరు. అక్కడ తయారై ఉన్న సరుకు మీ ఇంటికి రావడానికి నాలుగైదు రోజులు చాలు. వారానికి ఆరు పని దినాలు లెక్కేసినా 25 అంటే నాలుగు వారాలు దాటుతుంది. సరుకు తన దగ్గర లేక, మీ డబ్బు వచ్చాక ఎక్కడో దూరం నుంచి తెప్పించే షాపులు ఇలా రాస్తుంటాయి. ఆర్డర్ మీద అల్లించేవాళ్లకూ టైము పడుతుంది నిజమే, కానీ వాళ్లు అల్లికకు ఇన్ని రోజులు, పంపడానికి ఇన్ని రోజులు అని విడిగా చెప్పగలరు. ‘ఏ ఊరి నుంచి పంపుతారు, పిన్‌కోడ్ ఎంత?’ అని మెసేజ్ పెట్టి చూడండి. ‘మా వేర్‌హౌస్ నుంచి’ అని దాటేస్తే అదే మీకు జవాబు.

తర్వాత ఫొటో వెతకండి. స్క్రీన్‌షాట్ తీసి, షాపు పేరు కనబడకుండా లేసు భాగం వరకే కత్తిరించి, Google Lensలో పెట్టండి. అలాంటి డిజైన్లు బోలెడు కనిపిస్తాయి, వాటిని పట్టించుకోవద్దు. అదే బల్ల, అదే మడత, అదే నీడ ఉన్న ఫొటో కావాలి మనకు. అది వేరే వేరే పేర్లున్న షాపుల్లోనూ, ‘కనీసం ఇన్ని పీసులు కొనాలి’ అనే హోల్‌సేల్ పేజీలోనూ కనిపిస్తే, మీ షాపు ఆ సరుకునే తెచ్చి ధర పెంచి అమ్ముతోందని దాదాపు ఖాయం. తెచ్చి అమ్మడం తప్పు కాదు. మిషన్ లేసును నర్సాపురం చేతి పని అని చెప్పడమే మోసం.

అయితే ఫొటో ఒక్కటే సాక్ష్యం కాదు. నిజంగా అల్లినవాళ్ల ఫొటోనే ఎవరో ఎత్తుకుపోయి ఉండొచ్చు. ఎక్కడా దొరకలేదంటే షాపు మంచిదనీ కాదు. అందుకే ఒక కవర్‌ను తిరగేసి, అంచు దగ్గరగా కనిపించేలా వీడియో అడగండి. క్రోషె చేతి పనిలో దారం ముడులు ఉబ్బెత్తుగా ఉంటాయి, పువ్వుకీ పువ్వుకీ చిన్న తేడా కనబడుతుంది. మిషన్‌ది పల్చగా, అన్నీ ఒకే అచ్చులా ఉంటుంది.

రిటర్న్ పాలసీ కూడా చదవండి. వెనక్కి పంపే ఖర్చు మీదే అని, అడ్రస్ మాత్రం ఇవ్వకుండా రాసి ఉంటే మీ 6,597 రూపాయలు తిరిగి రావడం కష్టం. మన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం (2020) అమ్మేవారి పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు చూపించాలి. ఇప్పటికే కట్టేసి ఉంటే స్క్రీన్‌షాట్లన్నీ దాచుకుని, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులోనూ ఫిర్యాదు పెట్టండి.

కట్టకపోతే మాత్రం ఒక పూట నర్సాపురం వెళ్లి, లేసు చేతితో పట్టుకుని చూసి కొనండి. ధర కాస్త ఎక్కువైనా మూడు కవర్లూ మీతోనే ఇంటికొస్తాయి.