ఉపాంత వ్యయానికే కరెంటు ఎందుకు అమ్మరు? గీతతో కాదు, అంకెలతో చెప్పండి

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపూర్. బరంపురంలో ఎం.ఏ. ఎకనామిక్స్ పూర్తయింది. ఒక కరెంటు పంపిణీ కంపెనీ టారిఫ్ విభాగంలో ట్రైనీ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్లాను. "సహజ గుత్తాధిపత్యంలో ధరను ఉపాంత వ్యయం దగ్గర ఎందుకు పెట్టరు?" అని అడిగారు. పుస్తకంలో ఉన్న బొమ్మ గీశాను. "ఇదే అంకెల్లో చెప్పండి" అనేసరికి ఆగిపోయాను. ఈ దారిలో వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలి? నాన్నగారు బి.ఇడి. చేయమంటున్నారు.

జవాబు: మీరు గీసిన బొమ్మ సరైనదే అయ్యుంటుంది. టారిఫ్ విభాగంలో మాత్రం బొమ్మతో పని జరగదు, అక్కడ అంతా కోట్ల రూపాయలూ యూనిట్లూనే. కాబట్టి ముందు ఒక చిన్న ఊహా ప్రాంతం తీసుకుని లెక్క వేద్దాం. కాగితం దగ్గర పెట్టుకోండి.

2 లక్షల కనెక్షన్లున్న పంపిణీ ప్రాంతం ఒకటి ఉందనుకోండి. స్తంభాలు, తీగలు, సబ్‌స్టేషన్లు, సిబ్బంది జీతాలు, తరుగుదల, అప్పు మీద వడ్డీ, యజమానుల పెట్టుబడి మీద రాబడి, అన్నీ కలిపి ఏడాదికి స్థిర వ్యయం 80 కోట్లు. కంపెనీ కరెంటును యూనిట్ 3 రూపాయలకు కొంటుంది. కొన్న ప్రతి 100 యూనిట్లలో 20 దారిలో పోతాయి. అంటే ఇంటికి అదనంగా ఒక యూనిట్ చేరాలంటే ఒకటింపావు యూనిట్ కొనాలి, ఖర్చు 3.75 రూపాయలు. ఇదే మన ఉపాంత వ్యయం. యూనిట్ 5.75 రూపాయలైతే ఊరు 40 కోట్ల యూనిట్లు వాడుతుందని, ధర రూపాయి పెరిగితే వాడకం 4 కోట్ల యూనిట్లు తగ్గుతుందని అనుకుందాం.

ఇప్పుడు ధరను ఉపాంత వ్యయం దగ్గర, అంటే 3.75కి పెట్టి చూడండి. వాడకం 48 కోట్ల యూనిట్లకు పెరుగుతుంది, రాబడి 180 కోట్లు. ఆ కరెంటు కొనడానికే 180 కోట్లు అయిపోయాయి. తీగలకూ జీతాలకూ కావలసిన 80 కోట్లలో ఒక్క పైసా రాలేదు. ఇంటర్వ్యూలో ఆయన అడిగిన ప్రశ్నకు ఇదే మొదటి వాక్యం: ఆ ధరకు అమ్మితే స్థిర వ్యయం మొత్తం, 80 కోట్లకు 80 కోట్లు, ప్రతి ఏడూ లోటు పడుతుంది.

రెండో కొసకు రండి. కంపెనీకి పగ్గాలు లేకుండా వదిలేస్తే లాభం ఎక్కడ గరిష్ఠమో ఎక్సెల్‌లో ఈ ఒక్క లెక్కతో తేలుతుంది:

```
=(A2-3.75)*(63-4*A2)
```

A2 గడిలో ధర రాయండి, 63-4*A2 అంటే ఆ ధరకు ఊరి వాడకం, కోట్ల యూనిట్లలో. వచ్చేది స్థిర వ్యయం తీయకముందు మిగులు. A2లోని ధరను పావు రూపాయి చొప్పున పెంచుతూ చూడండి. 9.75 రూపాయల దగ్గర మిగులు 144 కోట్లకు చేరి, ఆపైన తగ్గిపోతుంది. 80 కోట్లు తీసేస్తే లాభం 64 కోట్లు. ఊరు వాడేది 24 కోట్ల యూనిట్లే.

ఆ 144 కోట్ల అంకె దగ్గర కాసేపు ఆగండి, అసలు విషయం అందులోనే ఉంది. "ఒకే కంపెనీ ఎందుకు, ఇద్దరిని పోటీకి దింపండి" అని ఎవరైనా అంటారు. రెండో కంపెనీ అదే వీధిలో మళ్లీ స్తంభాలు పాతాలి, కాబట్టి మొత్తం స్థిర వ్యయం 160 కోట్లవుతుంది. ఈ ఊరి నుంచి ఏ ధర పెట్టినా రాగల గరిష్ఠ మిగులు 144 కోట్లే. అంటే ఇద్దరికీ ఖర్చు తిరిగొచ్చే ధర అసలు లేనే లేదు. ఎవరో ఒకరు మూసుకోవాలి, లేదా ఒకరినొకరు కొనుక్కోవాలి. సహజ గుత్తాధిపత్యం అంటే "పెద్ద కంపెనీ" అని కాదు, "లైసెన్సు ఒక్కరికే ఇచ్చారు" అనీ కాదు, ఒక్కరు చేస్తేనే మొత్తం ఖర్చు తక్కువయ్యే పని అని. విద్యుత్ చట్టం 2003లోని 14వ సెక్షన్ ఒకే ప్రాంతంలో రెండో పంపిణీదారును, సొంత తీగలు వేసుకునే షరతు మీద, అనుమతిస్తుంది. అయినా దేశంలో అలాంటి చోట్లు ముంబైలా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. చట్టం తలుపు తెరిచే ఉంచింది, లెక్కే లోపలికి రానివ్వడం లేదు.

రెగ్యులేటర్, అంటే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్, వెతికేది ఈ రెండు కొసల మధ్య చోటు. 5.75 దగ్గర చూడండి: 40 కోట్ల యూనిట్లు, రాబడి 230 కోట్లు. కరెంటు కొనుగోలుకు 150, స్థిర వ్యయానికి 80. సరిగ్గా సరిపోయింది. ఇదే సగటు వ్యయ ధర. దీనివల్ల నష్టం లేదని కాదు. 3.75 కంటే ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడిన వాళ్లు కూడా 8 కోట్ల యూనిట్లు వాడకుండా మానేశారు. బొమ్మలో త్రిభుజంగా కనిపించే ఆ నష్టం విలువ 8 కోట్ల రూపాయలు. పగ్గాల్లేని 9.75 దగ్గర అదే త్రిభుజం 72 కోట్లు. ధర 3.75కి దించి 80 కోట్లు ఖజానా నుంచి ఇస్తే ఈ 8 కోట్లు కూడా మిగులుతాయి కదా అని ప్రొఫెసర్లు అడుగుతారు. ఇవ్వవచ్చు. కానీ ఆ 80 కోట్లూ పన్నుగా వసూలు చేయాలి, పన్నుకూ ఇలాంటి త్రిభుజమే ఉంటుంది. పైగా సబ్సిడీ సమయానికి రాకపోతే కంపెనీ కరెంటు కొన్న బిల్లు కట్టలేదు. బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ పెట్టి లోటు పూడ్చడం మరో దారి. మన లెక్కలో అది కనెక్షన్‌కు నెలకు సుమారు 333 రూపాయలవుతుంది. రెండు బల్బులున్న ఇంటి మీద అంత మోపలేరు కాబట్టి, అసలు బిల్లుల్లో ఫిక్స్‌డ్ ఛార్జీ స్థిర వ్యయంలో కొంత భాగమే రాబడుతుంది.

ఆఫీసులో ఈ సగటు వ్యయ ధర లెక్కను ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఏ.ఆర్.ఆర్. అంటారు, వార్షిక ఆదాయ అవసరం. కంపెనీ తన ఖర్చులన్నీ పద్దులవారీగా రాసి కమిషన్‌కు ఇస్తుంది, కమిషన్ ఒక్కో పద్దునూ పరిశీలించి కత్తిరిస్తుంది, మిగిలిన మొత్తాన్ని అంచనా అమ్మకాలతో భాగిస్తుంది. చట్టంలో ఇది 62వ సెక్షన్. 64 ప్రకారం దరఖాస్తు అందిన 120 రోజుల్లో ఉత్తర్వు రావాలి.

ఇందులో తప్పేది ఎక్కువగా ఆ భాగహారం దగ్గరే. అమ్మకాలు 40 బదులు 36 కోట్ల యూనిట్లే అయితే? రాబడి 207 కోట్లు, ఖర్చు 80కి 135 కలిపి 215. లోటు 8 కోట్లు. దీన్ని తర్వాతి ఏడాదుల ధరలో కలపడాన్ని ట్రూ-అప్ అంటారు. ఎన్నికల భయంతోనో మరో కారణంతోనో కలపకుండా వాయిదా వేస్తే, వడ్డీతో సహా పేరుకుపోయి 'రెగ్యులేటరీ అసెట్' అనే పద్దుగా మారుతుంది. పేరు ఆస్తి, చూస్తే బాకీ. ఏ ఉత్తర్వులోనైనా నేనైతే మొదట వెతికేది ఆ పద్దునే.

రెండో జబ్బు ఇంకా లోతైనది. ఖర్చంతా తిరిగొస్తుందని తెలిసినవాడు ఖర్చు ఎందుకు తగ్గిస్తాడు? పైగా రాబడి పెట్టుబడి మీద లెక్క కడతారు. 10 కోట్ల సబ్‌స్టేషన్‌కు 70 శాతం అప్పు, 30 శాతం సొంత పెట్టుబడి అనుకుని, సొంత పెట్టుబడి మీద 16 శాతం రాబడి అనుమతిస్తే, ఏటా 48 లక్షలు. ఆ సబ్‌స్టేషన్ ఊరికి అవసరమా కాదా అన్నది ఆ లెక్కలో ఎక్కడా లేదు. 1962లో ఆవర్చ్, జాన్సన్ చూపింది ఈ మొగ్గునే. దీన్ని పట్టుకోవడానికి, కట్టిన సబ్‌స్టేషన్ మీద అసలు ఎంత లోడు పడుతోందో అడగండి. సామర్థ్యంలో పాతిక శాతం కూడా వాడకంలో లేకుండా ఏళ్ల తరబడి ఉంటే ప్రశ్న వేయాల్సిందే.

దీనికి మందుగా వచ్చిందే ప్రైస్ క్యాప్. 1984లో బ్రిటిష్ టెలికాంను ప్రైవేటుపరం చేసినప్పుడు, అంతకు ముందు ఏడాది స్టీఫెన్ లిటిల్‌చైల్డ్ ఇచ్చిన నివేదిక ఆధారంగా ఒక సూత్రం పెట్టారు: ధర పెరుగుదల ద్రవ్యోల్బణం కంటే X శాతం తక్కువే ఉండాలి. వాళ్ల X అప్పట్లో 3. మన ప్రాంతానికి అన్వయిద్దాం. కరెంటు కొనుగోలు ఖర్చు కంపెనీ చేతిలో లేదు, దాన్ని నేరుగా బిల్లులోకి పోనిచ్చి, 5.75లో మిగిలిన తీగల వాటా 2 రూపాయలకే కట్టు వేద్దాం. ద్రవ్యోల్బణం 5, X 2 అయితే ఏటా 3 శాతం: 2.06, 2.12, 2.19. మూడో ఏట 40 కోట్ల యూనిట్ల మీద 87.4 కోట్లు వస్తాయి. స్థిర వ్యయం ద్రవ్యోల్బణంతో సమానంగా పెరిగితే 92.6 కోట్లు, కంపెనీకి 5 కోట్లకు పైగా నష్టం. 85 దగ్గర ఆపగలిగితే రెండున్నర కోట్ల దాకా మిగులు, అది కంపెనీదే. తిరిగి సమీక్ష వచ్చేదాకా కమిషన్ దాన్ని ముట్టుకోదు. ముట్టుకుంటే మందు పనిచేయదు.

అయితే ఖర్చు తగ్గించే సులువైన దారి పని మానేయడం. వానలకు ముందు తీగల మీది కొమ్మలు కొట్టరు, ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్షించరు. ఖాతాల్లో ఇది పొదుపుగా కనిపిస్తుంది, రెండేళ్ల తర్వాత ఫీడర్ ట్రిప్పుల రిజిస్టర్లో బయటపడుతుంది. అందుకే క్యాప్ పెట్టిన చోట సరఫరా నాణ్యత లక్ష్యం కూడా జోడించాలి: ఒక్కో వినియోగదారుకు ఏడాదిలో ఎన్ని నిమిషాలు కరెంటు పోయింది (దీన్నే సైడీ అంటారు), ఎన్నిసార్లు పోయింది (సైఫీ). సమీక్ష ఏడాదిలో ఖర్చు హఠాత్తుగా పెరిగితే అనుమానించండి. ఎక్కువ ఖర్చు చూపిస్తే వచ్చే కట్టు వదులుగా పడుతుందని కంపెనీకి తెలుసు.

మన దగ్గర నడిచేది ఈ రెండిటి కలయిక. ఖర్చులు సగటు వ్యయం పద్ధతిలో, దారిలో పోయే కరెంటు నష్టాల శాతం మీద మాత్రం కట్టు. లక్ష్యం 20 శాతం ఉంటే, నిజంగా 25 శాతం పోయిందనుకోండి: 50 కోట్ల బదులు 53.33 కోట్ల యూనిట్లు కొనాలి, అదనంగా 10 కోట్లు. అది బిల్లులోకి రాదు, కంపెనీ జేబులోంచి పోతుంది. ఈ లక్ష్యం నిజానికి దూరంగా ఉంటే ఏమవుతుందో ఒడిశా చరిత్రే చూపింది. 1996లో దేశంలో అందరికంటే ముందు విద్యుత్ సంస్కరణ ఇక్కడే మొదలైంది, 1999లో పంపిణీ ప్రైవేటుకు వెళ్లింది. అసలు నష్టాలు ఊహించిన దానికంటే ఎక్కువని తేలాయి. మధ్య ఒడిశా తీసుకున్న అమెరికా కంపెనీ 2001లో తప్పుకుంది, మిగతా మూడు లైసెన్సులను 2015లో కమిషన్ రద్దు చేసింది. మన దక్షిణ జిల్లాలు 2021 జనవరిలో టాటా పవర్ 51 శాతం, రాష్ట్ర ప్రభుత్వ కరెంటు కొనుగోలు సంస్థ గ్రిడ్కో 49 శాతం వాటాతో టి.పి.ఎస్.ఓ.డి.ఎల్. కిందికి వచ్చాయి. నష్టాల తగ్గింపు లక్ష్యాలను ఆ అప్పగింత ఉత్తర్వులోనే రాశారు. దాన్ని తప్పక చదవండి.

ఇంకో ప్రశ్న ఇంటర్వ్యూలో రావచ్చు. ఒడిశాలో నాలుగు పంపిణీ కంపెనీలకూ ఇంటి టారిఫ్ ఒకటే, ఖర్చులు మాత్రం వేరు. మరి లెక్క ఎలా కుదురుతుంది? గ్రిడ్కో ఒక్కో కంపెనీకి ఒక్కో రేటుకు కరెంటు అమ్ముతుంది. పరిశ్రమలు తక్కువగా ఉన్న మన దక్షిణ ప్రాంతానికి ఆ రేటు తక్కువ. అంటే సగటు తీసేది కంపెనీవారీగా కాదు, రాష్ట్రం మొత్తానికి. సరిహద్దు దాటి పార్వతీపురంలో మీ బంధువుల బిల్లు తెప్పించుకుని పక్కన పెట్టి చూస్తే, శ్లాబుల తేడా నుంచి చాలా అడగవచ్చు, చాలా చెప్పవచ్చు.

చేయాల్సిన పని ఇది. ఒడిశా విద్యుత్ నియంత్రణ కమిషన్ వెబ్‌సైటు నుంచి మీ కంపెనీ తాజా ఏ.ఆర్.ఆర్. దరఖాస్తు, దాని మీద వచ్చిన ఉత్తర్వు, రెండూ దించుకోండి. ఎక్సెల్‌లో మూడు నిలువు వరుసలు వేయండి: కంపెనీ అడిగింది, కమిషన్ ఒప్పుకున్నది, తేడాకు కమిషన్ చెప్పిన కారణం. కరెంటు కొనుగోలు, జీతాలు, మరమ్మతులు, తరుగుదల, వడ్డీ, రాబడి, ఈ ఆరు పద్దులు చాలు. తర్వాత నష్టాల శాతాన్ని రెండు పాయింట్లు మార్చి, యూనిట్ ధర ఎంత కదులుతుందో మీరే లెక్క కట్టండి. మూడు వారాల పని. ఈసారి ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ షీటు ప్రింటు తీసి పట్టుకెళ్లండి. దరఖాస్తుల మీద ప్రజాభిప్రాయ నోటీసు వచ్చినప్పుడు ఒక పద్దు మీద అభ్యంతరం రాసి పంపండి. విచారణలో కూర్చుని వినండి. ఒడియాలో తప్పుల్లేకుండా రాయగలగడం ఇక్కడ ఎక్సెల్ అంత పనికొస్తుంది.

ఉద్యోగాలు పంపిణీ కంపెనీల టారిఫ్ విభాగాల్లో, గ్రిడ్కోలో, కమిషన్ సిబ్బందిలో, వీళ్లకు దరఖాస్తులు తయారుచేసే కన్సల్టెన్సీల్లో ఉంటాయి. సంఖ్య తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే నాన్నగారి మాటను కొట్టేయకండి. బి.ఇడి. రెగ్యులర్ హాజరుతో సాగుతుంది, దానితోపాటు ఈ ఉద్యోగంలో చేరడం కుదరదు. ముందు ఒక ఏడాది పెట్టుకుని ఈ ఇంటర్వ్యూలూ, యు.పి.ఎస్.సి. నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షా ప్రయత్నించండి. దానికి ఎకనామిక్స్ పి.జి. చాలు, వయసు 21 నుంచి 30. ఏడాదిలో ఏదీ కుదరకపోతే బి.ఇడి. అడ్మిషన్ అప్పటికీ దొరుకుతుందని నాన్నగారికి తేదీలతో సహా రాసి చూపించండి.